ఫైనాన్స్ హెడ్‌ను డబ్బు అడిగే ముందు

‘కంప్రెసర్ పాతబడింది. తరచూ మొరాయిస్తోంది. కొత్తది కొనడానికి 15 లక్షలు మంజూరు చేయగలరు.’

ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ విభాగం నుంచి ఫైనాన్స్ హెడ్ బల్ల మీదికి వెళ్లే కాగితాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. అడిగిన మనిషికి ఆ మెషీన్ గురించి క్షుణ్ణంగా తెలుసు కూడా. అయినా ఆ కాగితం నెలల తరబడి కదలదు. ‘చూద్దాం’ అనే మాట దాటి ముందుకు పోదు. అడిగినవాళ్లేమో ఆఫీసువాళ్లకు షాపు ఫ్లోర్ బాధలు పట్టవని నొచ్చుకుంటారు.

అవతలి కుర్చీలోంచి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. ఫైనాన్స్ హెడ్ దగ్గరికి అదే వారంలో బాయిలర్‌వాళ్లు, లారీలవాళ్లు, కంప్యూటర్లవాళ్లు కూడా వచ్చి ఉంటారు. ఉన్న డబ్బు ఒక్కటే. రేపు ఎండీ గారో, బ్యాంకు మేనేజరో ‘దీనికెందుకు ఇచ్చారు?’ అని అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఆ జవాబుకు నాలుగు విషయాలు కావాలి: మొత్తం ఎంత ఖర్చు, తిరిగి ఏమొస్తుంది, ఇంకో దారి ఏదైనా ఉందా, ఎప్పటిలోగా తేల్చాలి. ఇవి కాగితంలో లేకపోతే ఆయన అవుననలేడు, కాదనడానికీ కారణం కనబడదు. అందుకే ‘చూద్దాం’.

ఈ నాలుగూ ఎలా తయారవుతాయో తెలియాలంటే ఒక్క కేసు పట్టుకుని చివరిదాకా వెళ్లాలి. గుంటూరు వైపు ఉండే మధ్యతరహా స్పిన్నింగ్ మిల్లు ఒకటి ఊహించుకుందాం. ఇక్కడి అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి. మీ మిల్లులో అవి మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

మెషీన్ ఏం చేస్తోందో ముందు చూడాలి

నూలు మిల్లులో గాలి వాడకం ఎక్కువ. ఆటోకోనర్‌లో నూలు తెగినప్పుడు రెండు కొసలనూ గాలితోనే అతుకుతారు. ఆ గాలినిచ్చేది 55 కిలోవాట్ల స్క్రూ కంప్రెసర్. రోజంతా, ఏడాదిలో 350 రోజులు, అంటే 8,400 గంటలు నడుస్తుంది. గాలి అవసరమైనప్పుడు ‘లోడ్’లో ఉంటుంది. లైనులో ప్రెషర్ నిండగానే ‘అన్‌లోడ్’లోకి వెళ్తుంది. అన్‌లోడ్ అంటే ఆగిపోవడం కాదు. సిగ్నల్ దగ్గర ఆటో ఇంజిన్ ఆపకుండా నిలబడ్డట్టు, గాలి ఇవ్వకుండానే మోటారు తిరుగుతూ ఉంటుంది. మన ఉదాహరణలో లోడ్‌లో 60 కిలోవాట్లు, అన్‌లోడ్‌లో 20 కిలోవాట్లు లాగుతుంది.

ఎంతసేపు లోడ్‌లో ఉంటోందో ఊహించి చెప్పాల్సిన పని లేదు. కంప్రెసర్ ప్యానెల్ మీద నడిచిన గంటలు, లోడ్ గంటలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక సోమవారం ఉదయం రెండూ రాసుకుని, వచ్చే సోమవారం మళ్లీ రాసుకుంటే చాలు. 168 గంటల్లో 109 గంటలు లోడ్ అని వచ్చిందనుకుందాం. అంటే 65 శాతం.

ఈ లెక్కన ఏడాదికి 3,86,400 యూనిట్లు. యూనిట్ 7 రూపాయల చొప్పున 27 లక్షలు. కొత్త మెషీన్ ఖరీదు దాదాపు 15 లక్షలైతే, పాతది తాగే కరెంటు ఒక్క ఏడాదికే అందుకు రెట్టింపు దగ్గరగా ఉంది. ఫైనాన్స్ హెడ్‌కు చెప్పాల్సిన మొదటి మాట ఇదే. ‘పాతబడింది’ అంటే మన ఇబ్బందే కనిపిస్తుంది. ‘ఏడాదికి 27 లక్షల కరెంటు తాగుతోంది’ అంటే ఆయన ఖాతా కనిపిస్తుంది.

వేరే దారులు చూశాకే అడగాలి

చాలామంది ప్రత్యామ్నాయాలను చివర్లో, అడిగినదే సరైనదని చూపించడానికి రాస్తారు. రెండు ఖరీదైన కొటేషన్లు జతచేసి, తాము కోరుకున్నదాన్ని చవగ్గా కనబరుస్తారు. ఇరవై ఏళ్లుగా కాగితాలు చదువుతున్నవాడు దీన్ని ఇట్టే పట్టేస్తాడు. ప్రత్యామ్నాయాలను నిజంగా వెతికితే అడిగే మొత్తమే మారిపోతుంది. ఈ కేసులో అదే జరుగుతుంది.

మిల్లు ఆగిన రోజున, అంటే ఒక్క మెషీనూ గాలి వాడని వేళ, కంప్రెసర్‌ను మాత్రం నడపాలి. లీకులే లేకపోతే లైను ఒకసారి నిండాక అది మళ్లీ లోడ్‌లోకి రాకూడదు. వస్తే, వచ్చిన సమయమంతా లీకుల కోసమే. వాచీ పట్టుకుని చూస్తే ఒకటిన్నర నిమిషం లోడ్, నాలుగున్నర నిమిషాలు అన్‌లోడ్, మళ్లీ ఒకటిన్నర నిమిషం లోడ్. ఆరు నిమిషాల్లో ఒకటిన్నర, అంటే కంప్రెసర్ సామర్థ్యంలో 25 శాతం గాలి చిల్లుల్లోంచి పోతోంది. పాత లైన్లున్న ఫ్యాక్టరీల్లో ఇది అరుదైన అంకె కాదు.

గొట్టాల కొసలు, కప్లింగులు, డ్రెయిన్ వాల్వులు మార్చి దీన్ని 10 శాతానికి దించడానికి 1 లక్షా 20 వేలు అవుతుందనుకుందాం. ఈ మొత్తం ప్లాంటు మేనేజరు స్థాయిలోనే, మెయింటెనెన్స్ బడ్జెట్ నుంచి ఖర్చు పెట్టుకోగలిగినది. ఆ పని అయ్యాక లోడ్ సమయం 65 నుంచి 50 శాతానికి దిగుతుంది. ఏడాది వాడకం 3,36,000 యూనిట్లకు వస్తుంది. అంటే 50,400 యూనిట్లు, మూడున్నర లక్షల ఆదా. పెట్టిన డబ్బు నాలుగైదు నెలల్లో తిరిగొచ్చేస్తుంది.

ఇక్కడ ఇంకో సంగతి బయటపడుతుంది. గాలి అవసరం తగ్గింది కాబట్టి ఇప్పుడు 55 కిలోవాట్ల మెషీనే అక్కర్లేదు. వేగాన్ని అవసరాన్ని బట్టి పెంచుకునే, తగ్గించుకునే డ్రైవ్ ఉన్న 45 కిలోవాట్ల కంప్రెసర్ సరిపోతుంది. గాలి ఎక్కువ కావాల్సిన వేళలకూ అందులో మార్జిన్ ఉంటుంది. 15 లక్షల మెషీన్ స్థానంలో పన్నెండున్నర లక్షల మెషీన్ చాలు. లీకులు మూయకుండా ముందే అడిగి ఉంటే, చిల్లుల్లోంచి పోయే గాలిని తయారు చేయడం కోసమే రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టి పెద్ద మెషీన్ కొనేవాళ్లం.

కాగితంలో చూపాల్సిన దారులు అప్పుడు మూడే. ఒకటి, ఏమీ కొనకుండా పాతదాన్నే నడపడం. ఇది ఉచితం అనిపిస్తుంది గానీ కాదు. గంటల మీటరు 37,200 చూపిస్తోంది. ఈ మెషీన్‌కు తయారీదారు 40,000 గంటల దగ్గర ఓవర్‌హాల్ చెప్పాడు. నెలకు 700 గంటల చొప్పున అది ఫిబ్రవరి రెండో వారంలో వస్తుంది, ఖర్చు నాలుగున్నర లక్షలు. ‘ఏమీ చేయకపోవడం’ అనే దారికి కూడా ధర వేసి రాయాలి. కొత్తది కొంటే పాతది స్టాండ్‌బైగా అప్పుడప్పుడే నడుస్తుంది కాబట్టి ఆ ఖర్చు చాలాకాలం వెనక్కి పోతుంది. రెండు, అదే సైజు కొత్త మెషీన్. మూడు, 45 కిలోవాట్ల మెషీన్. ఈ మూడింటి పక్కనా ఖర్చు, ఏడాది కరెంటు, ఎందుకు వద్దో ఎందుకు కావాలో ఒక్కొక్క వాక్యం. అంతకన్నా పెద్ద పట్టిక ఎవరూ చదవరు.

ఖర్చు అంటే కొటేషన్ అంకె కాదు

మెషీన్ ధర 12.5 లక్షలు. రవాణా, దించుడు 30 వేలు. కేబులు, స్విచ్చు, పైపు లైను మార్పులు 1 లక్షా 40 వేలు. అనుకోని వాటికి 60 వేలు. మొత్తం 14 లక్షల 80 వేలు. రెండో నెలలో ‘కేబులుకు ఇంకో లక్షన్నర కావాలి’ అని మళ్లీ వెళ్లడంకన్నా విభాగం పరువు తీసే పని ఇంకోటి లేదు. మొదటిసారి ఇచ్చిన అంకెను ఆ తర్వాత ఎవరూ నమ్మరు.

జీఎస్టీని విడిగా చూపాలి. మెషీన్ మీద 18 శాతం పన్ను క్రెడిట్‌గా వస్తుంది కాబట్టి లెక్కలో అది ఖర్చు కాదు. కానీ ఆ రోజు బ్యాంకు నుంచి డబ్బు మాత్రం వెళ్తుంది. నూలు మీద కట్టే పన్ను తక్కువ కాబట్టి ఆ క్రెడిట్ మెల్లగా తీరుతుంది. ఇది ఫైనాన్స్ హెడ్‌కు మనకన్నా బాగా తెలుసు. మనం చేయాల్సిందల్లా పన్నును ధరలో కలిపేసి అంకెను గజిబిజి చేయకుండా ఉండటం.

మొత్తంతో పాటు ఏ నెలలో ఎంత కట్టాలో కూడా రాయాలి. నూలు మిల్లులో ఇది మరీ ముఖ్యం. అక్టోబరు నుంచి కొత్త పత్తి మార్కెట్‌కు వస్తుంది. మిల్లు డబ్బంతా పత్తి కొని నిల్వ పెట్టుకోవడానికే పోతుంది. 14.8 లక్షలు ఇవ్వడానికి ఇబ్బంది లేని ఫైనాన్స్ హెడ్‌కే, అదంతా డిసెంబరులో ఒక్కసారి ఇవ్వాలంటే కష్టం కావచ్చు. ఆర్డరుతో 20 శాతం, మెషీన్ బయల్దేరే ముందు 70 శాతం, నడిచి చూపించాక 10 శాతం అని సరఫరాదారుతో ముందే మాట్లాడి రాస్తే, ఆయన తన క్యాలెండరులో ఆ నెలలను చూసుకోగలడు.

లాభాన్ని రెండు కుప్పలుగా పెట్టాలి

కొత్త మెషీన్ 50 శాతం అవసరానికి సగటున 31 కిలోవాట్లు తీసుకుంటుందని సరఫరాదారు లిఖితపూర్వకంగా ఇచ్చాడనుకుందాం. ఏడాదికి 2,60,400 యూనిట్లు. పాతదాని 3,36,000 నుంచి తీసేస్తే ఆదా 75,600 యూనిట్లు, 5 లక్షల 29 వేలు.

ఇక్కడే చాలామంది ఒక ఆశకు లోబడతారు. లీకుల పని వల్ల వచ్చిన మూడున్నర లక్షలను కూడా ఇందులో కలిపి ‘ఏడాదికి 8 లక్షల 82 వేలు ఆదా’ అని రాస్తారు. అంకె నిజమే, కానీ అది ఈ మెషీన్ తెచ్చేది కాదు. లీకులు మూసిన ఆదా ఇప్పటికే బిల్లులో వచ్చేసింది. ‘ఇందులో మెషీన్‌ది ఎంత?’ అని ఒక్క ప్రశ్న వేస్తే కాగితమంతా అనుమానంలో పడుతుంది.

ఇంకో జాగ్రత్త యూనిట్ రేటుది. మిల్లు కరెంటు బిల్లులో యూనిట్లకు కట్టేది ఒక భాగం, కేవీఏ లెక్కన డిమాండ్ చార్జీ ఇంకో భాగం. మొత్తం బిల్లును యూనిట్లతో భాగిస్తే రేటు ఎక్కువ వస్తుంది, ఆదా కూడా ఎక్కువ కనిపిస్తుంది. కానీ యూనిట్లు తగ్గినంత మాత్రాన డిమాండ్ చార్జీ తగ్గిపోదు. యూనిట్లతో పాటు నిజంగా తగ్గే భాగాన్నే తీసుకోవాలి. మన లెక్కలోని 7 రూపాయలు అదే.

కరెంటు ఆదా, తప్పిపోయే ఓవర్‌హాల్ ఖర్చు మొదటి కుప్ప. ఇవి బిల్లులో, ఖాతాలో కనబడతాయి. ప్రెషర్ నిలకడగా ఉండి ఆటోకోనర్లు ఆగడం తగ్గడం, రాత్రి షిఫ్టులో బ్రేక్‌డౌన్లు తగ్గడం రెండో కుప్ప. ఇవీ నిజమే, కానీ రూపాయల్లో తేల్చడం కష్టం. వీటికి ఊహించి ధర కట్టి మొదటి కుప్పలో వేయకూడదు. ‘ఇవి కూడా ఉన్నాయి, లెక్కలో చేర్చలేదు’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. చేర్చనిదే మొదటి కుప్పకు బలం.

పెట్టుబడి ఎప్పుడు తిరిగొస్తుంది? ఓవర్‌హాల్ తప్పడాన్ని లెక్కలోకి తీసుకోకపోతే 14.8 లక్షలకు రెండేళ్ల పది నెలలు. ఆ నాలుగున్నర లక్షలు తీసేస్తే అసలు అదనపు ఖర్చు 10.3 లక్షలే, దానికి సుమారు రెండేళ్లు. రెండు అంకెలూ ఇవ్వాలి. ఏది ఒప్పుకోవాలో ఆయన నిర్ణయించుకుంటాడు.

ఆ పైన పరిస్థితి తిరగబడితే ఏమిటో కూడా చూపాలి. నూలు ధర పడిపోతే మిల్లులు షిఫ్టులు తగ్గించుకోవడం మామూలే. 350 రోజులు కాకుండా 280 రోజులే నడిచి, రేటు 6 రూపాయలే అనుకుంటే ఆదా 3 లక్షల 63 వేలకు పడిపోతుంది. 10.3 లక్షలు రావడానికి అప్పుడు కూడా మూడేళ్లలోపే పడుతుంది. ఈ ఒక్క వాక్యం చేసే మేలు పది రంగుల గ్రాఫులు చేయలేవు. చెడ్డ ఏడాదిలో ఏమవుతుందన్నదే ఫైనాన్స్ హెడ్ మనసులోని భయం.

తేదీకి కారణం ఉండాలి

‘అర్జెంటు’, ‘వీలైనంత త్వరగా’ అన్న మాటలకు ఆఫీసుల్లో విలువ పోయింది. అందరూ అదే రాస్తారు. తేదీ అనేది మన తొందరలోంచి కాకుండా పనిలోంచి రావాలి. వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి.

మిల్లు గాలి లేకుండా ఉండగలిగేది సంక్రాంతి రోజుల్లోనే. కార్మికులు ఊళ్లకు వెళ్తారు, మెషీన్లు ఆగుతాయి. జనవరి 13 నుంచి 16 వరకు ఆ కిటుకు దొరుకుతుంది. పునాది, కేబులు ముందే సిద్ధం చేసి మెషీన్ జనవరి 5కల్లా గేటు లోపల ఉండాలి. సరఫరాకు 8 వారాలు. అంటే నవంబరు 10కి పర్చేజ్ ఆర్డరు చేతికివ్వాలి. ధర మీద చివరి మాటలకూ, ఆర్డరు తయారీకీ ఒక వారం. కాబట్టి నిర్ణయం నవంబరు 3కల్లా కావాలి. కాగితం అక్టోబరు 13న ఇస్తే ఆయనకు మూడు వారాల సమయం ఉంటుంది.

ఆ తేదీ దాటితే ఏమవుతుందో కూడా రాయాలి. అప్పుడు సంక్రాంతి అందదు. ఫిబ్రవరిలో ఓవర్‌హాల్ తప్పదు, నాలుగున్నర లక్షలు పోతాయి. ఆ తర్వాత కొత్త మెషీన్ లెక్క రెండేళ్లది కాదు, దాదాపు మూడేళ్లది. ఇందులో బెదిరింపు ఏమీ లేదు, జరగబోయేదే చెప్పాం. పైగా నవంబరు 3న ‘వద్దు’ అన్నా మనకు ఉపయోగమే. ఓవర్‌హాల్ సామాన్లు తెప్పించడానికి సమయం దొరుకుతుంది. తేదీ అడిగేది ‘అవును’ కోసమే కాదు, ఏదో ఒక జవాబు కోసం అని అవతలివాళ్లకు అర్థమైతే వాళ్లు మనల్ని ఇంకోలా చూస్తారు.

పన్ను తరుగుదల పేరు చెప్పి తొందరపెట్టేవాళ్లూ ఉంటారు. ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడిన మెషీన్‌కు ఆ ఏడాది సగం తరుగుదలే వస్తుంది. పూర్తిగా రావాలంటే అక్టోబరు మొదటి రోజుల్లోనే నడవడం మొదలుపెట్టి ఉండాలి. సంక్రాంతికి బిగించే మెషీన్‌కు ఆ వాదన పనికిరాదు. పనికిరానిది రాయకపోవడమే మంచిది.

ఒక్క పేజీలో

ఇదంతా చేశాక కాగితం చిన్నదే అవుతుంది. ఇలా ఉండొచ్చు:

‘ఫైనాన్స్ హెడ్ గారికి, నమస్కారం.

45 కిలోవాట్ల కంప్రెసర్ కొనడానికి 14.80 లక్షలు (జీఎస్టీ విడిగా) మంజూరు కోరుతున్నాము. నవంబరు 3లోగా మీ నిర్ణయం తెలియజేయగలరు.

సెప్టెంబరులో లీకులు సరిచేశాక పాత కంప్రెసర్ నెలకు 28,000 యూనిట్లు తీసుకుంటోంది. కొత్తది 21,700 తీసుకుంటుంది. ఏడాదికి 5.29 లక్షల ఆదా. ఫిబ్రవరిలో రావాల్సిన 4.50 లక్షల ఓవర్‌హాల్ తప్పుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకుంటే సుమారు రెండేళ్లలో, తీసుకోకపోతే రెండేళ్ల పది నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది.

పాతదాన్నే ఓవర్‌హాల్ చేయడం, 55 కిలోవాట్ల కొత్తది కొనడం కూడా పరిశీలించాము. వివరాలు రెండో పేజీలో ఉన్నాయి. నవంబరు 3 దాటితే సంక్రాంతి సెలవుల్లో బిగించడం కుదరదు, ఓవర్‌హాల్ ఖర్చు తప్పదు. మంజూరు కాకపోతే ఓవర్‌హాల్ సామాన్లకు ఆర్డరు పెడతాము.

కొత్త మెషీన్ నడిచిన మూడు నెలల తర్వాత మీటరు రీడింగులు మీకు పంపిస్తాము.’

అడుగుతున్నదీ, తేదీ మొదటి రెండు వాక్యాల్లోనే వచ్చేశాయి. రీడింగులు, కొటేషన్లు, సరఫరాదారు ఇచ్చిన హామీ కాగితం వెనక జతచేయాలి.

దీన్ని బల్ల మీద పెట్టి రావడంకన్నా పది నిమిషాలు కూర్చుని మాట్లాడటం మేలు. ప్రశ్నలు ఎటు నుంచి వస్తాయో ముందే తెలుస్తుంది. ‘ఈ 21,700 మీకెవరు చెప్పారండీ?’ అనొచ్చు. ‘సరఫరాదారు హామీ ఇచ్చాడు సార్, తేడా వస్తే చివరి 10 శాతం ఆపుకునేలా ఆర్డరులో రాస్తాం’ అనగలగాలి. ‘ఏప్రిల్‌లో కొంటే?’ అంటే తేదీల లెక్క చూపాలి. తెలియని ప్రశ్న వస్తే ‘రేపు చెప్తాను సార్’ అని మర్నాడు నిజంగానే చెప్పాలి.

చివరి వాక్యంలో ఇచ్చిన మాటను చాలామంది మరిచిపోతారు. మెషీన్ వచ్చాక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. కంప్రెసర్‌కు విడిగా ఎనర్జీ మీటరు పెట్టి, ఏప్రిల్ ముగిశాక మూడు నెలల రీడింగులు పంపాలి. ఉత్పత్తి ఎక్కువైతే యూనిట్లూ పెరుగుతాయి కాబట్టి టన్ను నూలుకు ఎన్ని యూనిట్లో కూడా చూపాలి. 21,700 అనుకున్నది 23,000 వచ్చినా దాచకుండా, ఎందుకొచ్చిందో రాసి పంపాలి. చాలాసార్లు కారణం మళ్లీ మొదలైన లీకులే అయి ఉంటుంది. ఆరు నెలలకోసారి ఆ పరీక్ష చేయకపోతే పాత చిల్లులు తిరిగి వస్తాయి. వచ్చే ఏడాది ఇంకో మెషీన్ కోసం అదే గదిలోకి వెళ్లినప్పుడు, కొత్త కాగితం చదవడానికి ముందు ఫైనాన్స్ హెడ్ గుర్తుచేసుకునేది ఈ రీడింగులనే.